24 పాయింట్ పెట్టినా వెనక వరుసకు ఎందుకు కనపడలేదు?

ప్రశ్న: నమస్కారం మేడం. నేను పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నాను. ఈమధ్య ఒక కాన్ఫరెన్సులో పదిహేను నిమిషాలు మాట్లాడాను. అయిపోయాక వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ వచ్చి, "అమ్మా, నువ్వు చెప్పింది బాగుంది కానీ తెర మీద నాకు ఒక్క అక్షరం అందలేదు" అన్నారు. ఆవిడకు చూపు తక్కువట. అయితే ఆవిడ పక్కన కూర్చున్న కుర్రాడు కూడా టేబుల్ చదవలేకపోయానన్నాడు. అప్పటినుంచి నాకు టెన్షన్‌గా ఉంది. వచ్చే నెల ఇదే పనిని ఇంకా పెద్ద హాల్లో చెప్పాలి. తెర ఎత్తు 2 మీటర్లు, ఆఖరి వరుస 18 మీటర్ల దూరం, నోట్సు రాసుకునేవాళ్ల కోసం లైట్లు ఆర్పరట. నేను పవర్‌పాయింట్‌లో 24 పాయింట్ వాడతాను. "అదే రూలు, అది చాలు" అంటారు మా గైడ్ గారు. మా ఫ్రెండ్ బీమర్ అనే సాఫ్ట్‌వేర్‌లో 11 పాయింట్‌తో చేస్తాడు, చూస్తే అతని అక్షరాలూ నా అంతే ఉంటాయి! నా ముఖ్యమైన టేబుల్‌లో 9 అడ్డవరుసలు, 6 నిలువు వరుసలు ఉన్నాయి, 12 పాయింట్‌లో ఇరికించాను. అందులో ఏదీ తీయడానికి గైడ్ గారు ఒప్పుకోరు. గ్రాఫుల మీద పేర్లన్నీ డిపార్ట్‌మెంట్ టెంప్లేట్ ప్రకారం లేత బూడిద రంగులో ఉంటాయి. నల్ల బ్యాక్‌గ్రౌండ్‌కి మారిపొమ్మని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఏది వినాలి? గైడ్ గారితో ఎలా మాట్లాడాలి?

సమాధానం: ముందు ఆ 24కీ 11కీ మధ్య చిక్కు విప్పుకుందాం. అది విడితే మిగతాది సగం తేలికవుతుంది.

స్లైడు మీద పాయింట్ అనేది ఆ స్లైడు సైజుతో కలిపి చూస్తేనే అర్థమయ్యే కొలత. పవర్‌పాయింట్ ఇప్పుడు మామూలుగా ఇచ్చే వెడల్పు స్లైడు ఎత్తు ఏడున్నర అంగుళాలు, అంటే 540 పాయింట్లు. బీమర్‌లో వెడల్పు స్లైడు ఎత్తు 9 సెంటీమీటర్లే, అంటే దాదాపు 255 పాయింట్లు. రెండూ తెర మీదికి వెళ్లేసరికి అదే 2 మీటర్లకు సాగుతాయి. మీ 24 స్లైడు ఎత్తులో 4.4 శాతం, మీ ఫ్రెండ్ 11 కూడా 4.3 శాతం. అందుకే రెండూ ఒకేలా కనిపించాయి. గూగుల్ స్లైడ్స్‌లో అయితే స్లైడు ఎత్తు 405 పాయింట్లు, కాబట్టి అక్కడి 24 మీ పవర్‌పాయింట్‌లో 32తో సమానం. ఎవరైనా "ఇన్ని పాయింట్లు చాలు" అని చెబితే ఏ సాఫ్ట్‌వేర్‌లో అని అడగండి. ఆ ప్రశ్నకు చాలామంది దగ్గర సమాధానం ఉండదు.

ఇక 4.4 శాతం మీ హాలుకు చాలుతుందా అన్నది. చదవగలగడాన్ని నిర్ణయించేది అక్షరం కంటి దగ్గర చేసే కోణం. డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషం అంటారు. కళ్ల డాక్టరు దగ్గర 6/6 అని రాయించుకున్న మనిషి 5 నిమిషాల కోణం చేసే అక్షరాన్ని గుర్తుపట్టగలడు, అంతకంటే చిన్నదైతే కష్టం. 6/12 చూపు ఉన్నవాళ్లకు 10 నిమిషాలు కావాలి. ఇవి గుర్తుపట్టడానికి కనీస హద్దులు మాత్రమే. వింటూ, నోట్సు రాస్తూ, మధ్యలో తలెత్తి హాయిగా చదవాలంటే ఇంకా పెద్దవి ఉండాలి. ఆడియో-విజువల్ ఇంజినీర్లు వాడే డిస్కాస్ అనే ప్రమాణం 2016లో వచ్చింది. సాధారణ సమావేశాలకు అది చెప్పే లెక్క సులువు: ఆఖరి వరుస దూరాన్ని 200తో భాగిస్తే వచ్చినంత ఎత్తు అక్షరానికి ఉండాలి. అంటే సుమారు 17 నిమిషాలు. అక్షరం ఎత్తు అంటే ఇక్కడ ఫాంట్ సైజు కాదు, ఇంగ్లీషులో కొమ్ములూ తోకలూ లేని చిన్న అక్షరం ఎత్తు. అది చాలా ఫాంట్లలో ఫాంట్ సైజులో దాదాపు సగం ఉంటుంది.

మీ హాలుకు వేసి చూద్దాం. మీ 24 పాయింట్‌లో చిన్న అక్షరం 12 పాయింట్లు, 2 మీటర్ల తెర మీద 44 మిల్లీమీటర్లు. 18 మీటర్ల నుంచి అది 8.4 నిమిషాలు. 6/6 చూపున్న కుర్రాడు చదువుతాడు, 6/12 ఉన్నవాళ్లు చదవలేరు. మీ టేబుల్‌లోని 12 పాయింట్ 4.2 నిమిషాలకు పడిపోతుంది. అంటే మంచి చూపు ఉన్నవాళ్లకు కూడా హద్దుకు కింద. మొన్నటి హాలు కొలతలు మీరు రాయలేదు గానీ, ఆ కుర్రాడి కళ్లను మాత్రం అనుమానించకండి.

ప్రమాణం చెప్పినట్టు చేయాలంటే ఈ హాలుకు మీకు 48 పాయింట్ కావాలి. నిజాయితీగా చెప్పాలంటే పరిశోధన స్లైడు మొత్తాన్ని 48లో రాయడం కష్టం. నేనైతే 32 దగ్గర ఆగుతాను. అది మీ ఆఖరి వరుసకు 11 నిమిషాల పైచిలుకు ఇస్తుంది, 6/12 చూపువాళ్లు కాస్త కష్టపడైనా అందుకుంటారు. శీర్షికలు, ప్రతి స్లైడులో ఒక ముఖ్యమైన అంకె 44కు తగ్గకుండా ఉంచండి. 24ను పూర్తిగా నిషేధించక్కర్లేదు. చదవకపోయినా నష్టం లేనివాటికి, ఉదాహరణకు ఎవరి డేటా అన్న చిన్న గమనికకు, దాన్ని వదిలేయండి. ఆ పెద్దావిడ చూపు 6/12 కంటే తక్కువైతే 32 కూడా ఆవిడకు చాలదు. అందుకు వేరే దారి ఉంది, చివర్లో చెబుతాను.

ఈ లెక్కలు గైడ్ గారి ముందు పెట్టి వాదించడం కంటే ఒక పని చేసి చూపించడం మేలు. మీ హాల్లో ఆఖరి వరుస దూరం తెర ఎత్తుకు 9 రెట్లు. 15.6 అంగుళాల లాప్‌టాప్ తెర ఎత్తు 19 సెంటీమీటర్ల పైచిలుకు. దానికి 9 రెట్లు అంటే 1.75 మీటర్లు. స్లైడును తెర నిండా పెట్టి అంత దూరంలో నిలబడితే అక్షరాల సైజు విషయంలో మీరు ఆఖరి వరుసలో ఉన్నట్టే. అదే మనిషి 3.5 మీటర్లకు జరిగితే 6/12 చూపుతో ఆఖరి వరుసలో ఉన్నట్టు. గైడ్ గారిని కళ్లద్దాలతోనే నిలబెట్టి, "టేబుల్‌లో ఐదో వరుస, నాలుగో గడి చదవండి సార్" అనండి. ఆయన చాలాసార్లు చూసిన టేబుల్ కాబట్టి అంకెలు గుర్తుండిపోయి ఉండొచ్చు. ముందు రెండు అంకెలు మార్చి పెట్టుకోండి. ఇది మోసం కాదు, కంటి పరీక్ష చార్టులో అర్థం లేని అక్షరాలు ఉండేదీ ఇందుకే.

టేబుల్ సంగతి ఇప్పుడు. మీ ముందు మూడు దారులు ఉన్నాయి, ఏదీ ఉచితంగా రాదు.

ఒకటి, టేబుల్‌ను అలాగే ఉంచి ముఖ్యమైన గడులను మీరే గట్టిగా చదవడం. స్లైడు మార్చే పని తప్పుతుంది, తెర కనపడనివాళ్లకూ విషయం అందుతుంది. కానీ 54 గడులున్న స్లైడు పైకి రాగానే జనం మిమ్మల్ని వినడం మానేసి వెతకడం మొదలుపెడతారు. వెతికీ దొరకనివాళ్లు ఫోను తీస్తారు. పదిహేను నిమిషాల ప్రసంగంలో ఆ నష్టం పెద్దది.

రెండు, మీరు మాట్లాడే వరుసలు మాత్రమే స్లైడు మీద ఉంచడం. పేర్ల వరుస కాకుండా నాలుగు అడ్డవరుసలు, మూడు నిలువు వరుసలు 32 పాయింట్‌లో గాలి ఆడేలా పడతాయి. పూర్తి టేబుల్‌ను ఆఖరి స్లైడు తర్వాత అదనపు స్లైడుగా పెట్టుకోండి, ప్రశ్నలప్పుడు ఎవరైనా అడిగితే తీయొచ్చు. నష్టం ఏమిటంటే, "అనుకూలమైన వరుసలే ఏరుకున్నారు" అని ఎవరైనా అనొచ్చు. అందుకని స్లైడు మీదే "9 పోలికల్లో 4" అని రాయండి, మీ పద్ధతి ఓడిపోయిన వరుసను ఒకటి ఆ నాలుగులో తప్పకుండా ఉంచండి. గైడ్ గారి భయం బహుశా అదే కావచ్చు: టేబుల్ చిన్నదైతే పని తక్కువగా కనిపిస్తుందని. ఆ భయానికి ఇలా సమాధానం చెప్పొచ్చు.

మూడు, టేబుల్‌ను అడ్డ గీతల బార్ గ్రాఫుగా మార్చడం. తొమ్మిది పోలికలూ ఉంటాయి, దూరం నుంచి ఆకారం తెలుస్తుంది. కచ్చితమైన అంకెలు మాత్రం పోతాయి. మీ ఫలితంలో అసలు విషయం "ఎంత ఎక్కువ" అన్నదైతే గ్రాఫు, "దశాంశంలో తేడా" అయితే రెండో దారి. నాకు మీ విషయం తెలియదు కాబట్టి ఇది మీరే తేల్చుకోవాలి.

గ్రాఫు దారిలో వెళితే ఒక గొయ్యి ఉంది. గ్రాఫును బొమ్మగా అతికించాక మూల పట్టుకుని చిన్నది చేస్తే లోపలి అక్షరాలూ అదే నిష్పత్తిలో చిక్కిపోతాయి. 10 అంగుళాల వెడల్పు బొమ్మలో 20 పాయింట్ రాసి దాన్ని 6 అంగుళాలకు కుదిస్తే మిగిలేది 12, సాఫ్ట్‌వేర్ ఎక్కడా ఆ అంకె చూపించదు. స్లైడులో ఎంత చోటు ఇస్తారో ముందే నిర్ణయించుకుని అదే కొలతతో గ్రాఫు గీయించండి. మీరు పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గీస్తుంటే, అది తనంతట తానిచ్చే 10 పాయింట్‌ను మొదట్లోనే మార్చండి:

```
plt.rcParams["font.size"] = 32
plt.rcParams["lines.linewidth"] = 3
```

అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే చోటు చాలలేదని అర్థం. అప్పుడు పేర్లు తగ్గించాలి తప్ప సైజు కాదు.

ఇక రంగులు. మీరు రాసిన లేత బూడిద బహుశా `#999999` లేదా దాని చుట్టుపక్కలది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద దాని కాంట్రాస్ట్ 2.85కి 1. వెబ్ పేజీల కోసం ఉన్న డబ్ల్యూసీఏజీ నియమావళి మామూలు అక్షరానికి కనీసం 4.5 అడుగుతుంది, పెద్ద అక్షరానికి 3, ఇంకా కఠినమైన స్థాయిలో మామూలు అక్షరానికి 7. అంటే మీ టెంప్లేట్ లాప్‌టాప్ మీదే తప్పింది. ఆన్‌లైన్‌లో ఏ కాంట్రాస్ట్ చెకర్‌లోనైనా రెండు రంగుల కోడ్‌లు ఇస్తే ఈ అంకె వచ్చేస్తుంది.

కానీ చెకర్ చూపించే అంకె ప్రొజెక్టర్ తెర మీద నిలవదు. ఎందుకో తెలిస్తే నల్ల బ్యాక్‌గ్రౌండ్ ప్రశ్న కూడా తేలిపోతుంది. చెకర్ వాడే సూత్రం ఇది:

```
(L1 + 0.05) / (L2 + 0.05)
```

`L1` లేత రంగు వెలుగు, `L2` ముదురు రంగు వెలుగు, తెలుపుకు 1, నలుపుకు 0. రెండు వైపులా కలిపే 0.05 తెర మీద పడే చిల్లర వెలుగు. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు, వెలుగు వేయకుండా ఊరుకోగలదు, అంతే. కాబట్టి లైట్లు వెలుగుతున్న హాల్లో మీ "నలుపు" అంటే ఆ లైట్ల కింద తెర ఎంత తెల్లగా కనిపిస్తుందో అంత. అక్కడ 0.05 బదులు 0.2 ఉండటం వింతేమీ కాదు. దాన్ని వేసి చూడండి. `#767676` అనే బూడిద రంగు తెలుపు మీద 4.54, నలుపు మీద 4.62, చెకర్ రెండింటినీ పాస్ చేస్తుంది. లైట్లున్న హాల్లో అదే రంగు తెలుపు మీద 3.1కి దిగుతుంది, నలుపు మీద 1.9కి కూలుతుంది. అచ్చ తెలుపు, అచ్చ నలుపు జంట ఎటు తిప్పినా 6 దగ్గర నిలుస్తుంది. దెబ్బతినేవి మధ్య రంగులు, అవి నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎక్కువ దెబ్బతింటాయి.

అందుకే లైట్లు ఆర్పని మీ హాలుకు నా ఓటు తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌కే. పూర్తిగా చీకటి చేసే హాలైతే ముదురు బ్యాక్‌గ్రౌండ్ కంటికి హాయిగా ఉంటుంది, అక్కడ కూడా ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకు తెల్ల అక్షరం చుట్టూ వెలుగు పాకినట్టు కనిపిస్తుంది కాబట్టి సన్నటి ఫాంటు వద్దు. ఎల్ఈడీ వాల్ అయితే ఈ లెక్క మారుతుంది, దాని నలుపు ప్రొజెక్టర్ నలుపు కంటే చాలా మెరుగు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద మీరు చేయాల్సింది ఒక్కటే: చెకర్‌లో 4.5 దగ్గర ఆగకుండా 7 దాటించండి. `#595959` సరిగ్గా అక్కడ ఉంటుంది, హాల్లో 4 మిగులుతుంది. గ్రాఫు పేర్లకు అది చాలు, వాక్యాలకు ఇంకా ముదురు వాడండి.

వీలైతే ముందురోజు హాలుకు వెళ్లి పూర్తి నల్ల స్లైడు, పూర్తి తెల్ల స్లైడు ఒకదాని తర్వాత ఒకటి వేసి, ఫోనులోని లక్స్ మీటర్ యాప్‌ను తెర ముందు ప్రొజెక్టర్ వైపు తిప్పి పట్టుకుని చూడండి. నల్లదానికి 60, తెల్లదానికి 360 వస్తే మీ హాలు ఇచ్చే గరిష్ఠ కాంట్రాస్ట్ 6. ఫోను మీటర్లు అంత కచ్చితంగా ఉండవు, కానీ ఇక్కడ మనకు నిష్పత్తే కావాలి. అది 4 లోపు వస్తే రంగులు మార్చి లాభం లేదు, తెర ముందున్న లైట్ల వరుస ఒక్కటైనా ఆర్పమని నిర్వాహకులను అడగండి. మొత్తం హాలు లైట్లు ఆర్పమంటే ఒప్పుకోనివాళ్లు దీనికి తరచుగా ఒప్పుకుంటారు.

గ్రాఫులో రెండు గీతలకు ఎరుపు, ఆకుపచ్చ వాడుతుంటే మాత్రం ఇప్పుడే మార్చేయండి. గీత పక్కనే పేరు రాసేస్తే రంగు తేడా తెలియనివాళ్లకూ ఇబ్బంది ఉండదు.

ఖాళీల సంగతి మీరు అడగలేదు గానీ, మీ 24 అసలు 24గా ఉందా అన్న అనుమానం నాకుంది. పవర్‌పాయింట్‌లో అంశాల పెట్టెలో రాత ఎక్కువైతే అది చప్పుడు చేయకుండా అక్షరాలనూ వరుసల మధ్య దూరాన్నీ కుదించేస్తుంది. ఆ పెట్టె మీద రైట్ క్లిక్ చేసి `Format Shape`లోకి వెళ్లి, `Text Box` కింద `Shrink text on overflow` ఉన్నచోట `Do not Autofit` ఎంచుకోండి. రాత పెట్టె దాటి కిందికి కారుతుంది. అదే మంచిది, ఎంత తీయాలో తెలుస్తుంది. పైగా ఆఫీస్ మామూలు థీమ్‌లో వరుసల దూరం 0.9గా వస్తుంది, అంటే మీరేమీ చేయకముందే ఇరుకు. దాన్ని 1.1కి తేండి, ఒక అంశానికీ ఇంకో అంశానికీ మధ్య ఇంకో సగం వరుస ఎడం ఇవ్వండి. అంశంలోని రెండు వరుసల దూరం కంటే రెండు అంశాల మధ్య దూరం స్పష్టంగా ఎక్కువ ఉంటేనే తలెత్తి చూసినవాళ్లకు ఎక్కడున్నామో దొరుకుతుంది. తెలుగులో స్లైడులు చేసేవాళ్లకు 0.9 ఇంకా ప్రమాదం, పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లో చిక్కుకుంటాయి.

హాలు నేల మెట్లు మెట్లుగా కాక చదునుగా ఉంటే స్లైడు కింది ఐదో వంతులో ముఖ్యమైనది ఏదీ పెట్టకండి, ముందువాళ్ల తలలు అడ్డొస్తాయి. శీర్షిక, కింది ఖాళీ పోగా మీకు దాదాపు 330 పాయింట్లు మిగులుతాయి. 32 పాయింట్‌లో, పైన చెప్పిన ఎడంతో, ఆరు వరుసలు. మీ స్లైడులో ఏడోది ఉంటే అది ఇంకో స్లైడుకు వెళ్లాలి. స్లైడుల సంఖ్య పెరుగుతుందని కంగారు పడకండి, సమయం తినేది మీ మాటలే.

టెంప్లేట్ విషయంలో రెండు మార్గాలు. డిపార్ట్‌మెంట్‌ను అడిగి మాస్టర్ స్లైడులోనే ఆ బూడిద రంగును మార్పించడం ఒకటి. అందరికీ లాభం, కానీ సంతకాలూ అనుమతులూ వచ్చే నెలలోపు తేలకపోవచ్చు. లోగో, శీర్షిక పట్టీ ముట్టుకోకుండా మీ ఫైలులో గ్రాఫు పేర్లు, వాక్యాల రంగు మాత్రమే ముదురు చేయడం రెండోది. దీనికి గైడ్ గారి మాట ఒక్కటి చాలు. ఇప్పటికి రెండోది చేసి, కాన్ఫరెన్సు అయ్యాక తీరిగ్గా మొదటిది అడగమంటాను.

ఆ పెద్దావిడలాంటివాళ్లకు స్లైడు ఫైలును తమ ఫోనులోనో టాబ్లెట్‌లోనో దగ్గరగా పెట్టుకుని చూసే వీలు కావాలి. ప్రసంగానికి ముందే పీడీఎఫ్‌ను నిర్వాహకులకు ఇచ్చి, మొదటి స్లైడు మీద దాని క్యూఆర్ కోడ్ పెద్దదిగా పెట్టొచ్చు. ఇంకా ప్రచురించని ఫలితాలు బయటికి పోతాయని గైడ్ గారు ఆగమంటే, ఆ అంకెలు తీసేసిన ఫైలు ఇవ్వండి, లేదా కావాలని అడిగినవారికే ముద్రించిన కాపీ ఇచ్చి చివర్లో వెనక్కి తీసుకోండి. ముద్రిస్తే ఒక పేజీకి ఒక స్లైడే. ఆరు స్లైడులు ఒకే పేజీలో కుక్కితే మళ్లీ మొదటికొస్తుంది.